కార్డుకు జతచేసిన గీతల్ని ఎలా చదవాలంటే

ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులందరికీ,

ఎస్‌ఏ1 మార్కులు వేసిన ప్రోగ్రెస్ కార్డు మీ బిడ్డ చేతికి ఇచ్చి పంపాను. ఈసారి కార్డుతో పాటు గళ్ల కాగితం మీద గీసిన చార్టు ఒకటి పిన్ను కొట్టి ఉంటుంది. అందులో నీలం గీత, నల్ల గీత, బూడిదరంగు పట్టీ, కింద చిన్న పట్టిక, అడుగున హాజరు కనిపిస్తాయి. ఇవి ఎలా చదవాలో చెప్పకుండా పంపితే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. ఎందుకంటే ఈ చార్టులో దాదాపు ప్రతి బిడ్డ గీతా ఎస్‌ఏ1 దగ్గర కిందికి పడిపోయి ఉంటుంది. బాగా చదివే పిల్లలదీ పడింది. అందుకే ఇంట్లో ఎవరినీ ఏమీ అనకముందు ఈ ఉత్తరం చదవండి. చదవడం రాని ఇళ్లలో బిడ్డ చేతే చదివించుకోండి. తన చార్టు ఏం చెబుతోందో వాళ్లకూ తెలియాలి.

ముందు ఆ పతనం సంగతే చెబుతాను.

ఏడాదిలో మన పిల్లలకు నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు ఉంటాయి. ఎఫ్‌ఏ 20 మార్కులకు, ఎస్‌ఏ 80 మార్కులకు. చార్టులో రెండింటినీ నూటికి మార్చి ఒకే గీత మీద పెట్టాం కాబట్టి రెండూ ఒకే రకం పరీక్షలు అనిపిస్తుంది. నిజానికి ఎఫ్‌ఏలో రాతపరీక్ష భాగం చాలా చిన్నది. ఆ 20 మార్కుల్లో 5 తరగతిలో బిడ్డ పాల్గొన్న తీరుకు, 5 నోటు పుస్తకాల్లో రాసిన పనికి, 5 ప్రాజెక్టుకు పోతాయి. మిగిలిన 5 మాత్రమే స్లిప్ టెస్టుకు, అంటే కూర్చుని ఎవరి సాయం లేకుండా రాసినదానికి. మొదటి మూడింటిలో మేం కాస్త చేయి వదులుగానే మార్కులు వేస్తాం. నోట్సు శుభ్రంగా ఉంటే నాలుగు, ప్రాజెక్టు చార్టు తెచ్చి అంటిస్తే నాలుగో అయిదో. ఆ చార్టు బిడ్డ వేసిందా, అన్న వేసిచ్చాడా అన్నది మాకు ఎప్పుడూ తెలుస్తుందని చెప్పలేను. అందుకే ఎఫ్‌ఏలో తరగతి మొత్తం 70, 80, 90 దగ్గర గుంపుగా ఉంటుంది.

ఎస్‌ఏ అలా ఉండదు. ప్రశ్నపత్రం జిల్లా నుంచి వస్తుంది, మేం తయారు చేయం. జూన్ నుంచి చెప్పిన పాఠాలన్నీ అందులో ఉంటాయి. ప్రాజెక్టు లేదు, నోట్సు లేదు, 80 మార్కులూ రాసి తెచ్చుకోవాల్సిందే. కాబట్టి ఎఫ్‌ఏ2 నుంచి ఎస్‌ఏ1కి వచ్చేసరికి గీత దిగడం సహజం. జనవరి, ఫిబ్రవరిలో ఎఫ్‌ఏ3, ఎఫ్‌ఏ4 చుక్కలు పెట్టినప్పుడు అదే గీత మళ్లీ పైకి లేస్తుంది, ఏప్రిల్‌లో ఎస్‌ఏ2 దగ్గర మళ్లీ దిగుతుంది. ఏడాది చివర చూస్తే రంపం పళ్లలా ఉంటుంది. అక్టోబరులో బిడ్డ చదువు మానేసిందనీ, జనవరిలో బుద్ధి వచ్చిందనీ దాని అర్థం కాదు. కొలిచే కొలత మారింది, అంతే.

మరి నిజంగా వెనకబడిన బిడ్డను ఎలా గుర్తుపట్టాలి? అందుకే నల్ల గీత, బూడిదరంగు పట్టీ వేశాను.

మన తరగతిలో 41 మంది ఉన్నారు. ఒక పరీక్షలో వచ్చిన మార్కులను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసుకుంటూ పోతే సరిగ్గా మధ్యలో ఉండేది 21వ మార్కు. నల్ల గీత మీద ఉన్నది అదే. దానికి నడిమి మార్కు అని పేరు పెట్టుకుందాం. అందరి మార్కులూ కూడి 41తో భాగించి సగటు వేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఇద్దరు ముగ్గురు ఒక పరీక్షలో రెండో మూడో మార్కులు తెచ్చుకుంటే వాళ్ల వల్ల తరగతి సగటు మొత్తం కిందికి జారిపోతుంది, మీ బిడ్డ ఉన్నట్టుండి సగటు కన్నా పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. నడిమి మార్కుకు ఆ బాధ లేదు, చివరి పిల్లవాడికి రెండు వచ్చినా పది వచ్చినా 21వ మార్కు కదలదు. పరీక్షకు రాని పిల్లలకు సున్నా వేయలేదు, చుక్కే పెట్టలేదు. గీత మధ్యలో తెగినట్టు ఉంటే ఆ రోజు బిడ్డ పరీక్ష రాయలేదని అర్థం.

అదే వరసలో 11వ మార్కు దగ్గర నుంచి 31వ మార్కు దాకా ఉన్న భాగాన్ని బూడిదరంగుతో నింపాను. అంటే కింద పది మందినీ, పైన పది మందినీ వదిలేస్తే మధ్యలో మిగిలే 21 మంది ఆ పట్టీలో ఉంటారు. మీరు చూడాల్సింది నీలం గీత పైకి పోయిందా కిందికి పోయిందా అని కాదు, పట్టీలో ఏ చోట ఉందని.

ఒక నమూనా చూద్దాం. ఇది మన తరగతిలో ఎవరి బిడ్డదీ కాదు, చెప్పడానికి వీలుగా నేను వేసుకున్న లెక్క. సబ్జెక్టు గణితం. ఒక అమ్మాయికి ఎఫ్‌ఏ1లో 20కి 17, ఎఫ్‌ఏ2లో 16, ఎస్‌ఏ1లో 80కి 46 వచ్చాయి. నూటికి మారిస్తే 85, 80, 57.5. చార్టులో ఒక సెంటీమీటరుకు పది చొప్పున వేశాం కాబట్టి చివరి చుక్క రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది. చూడగానే గుండె జల్లుమనేలా ఉంటుంది.

ఇప్పుడు నల్ల గీత చూడండి. రెండు ఎఫ్‌ఏల్లోనూ నడిమి మార్కు 16, అంటే 80. ఎస్‌ఏ1లో నడిమి మార్కు 38, అంటే 47.5. తరగతి మొత్తం మూడు సెంటీమీటర్లకు పైగా దిగితే ఈ అమ్మాయి రెండు పైచిలుకు మాత్రమే దిగింది. ఎఫ్‌ఏ2లో సరిగ్గా మధ్యలో ఉన్న బిడ్డ ఎస్‌ఏ1లో మధ్యకు పైన నిలిచింది. పట్టీ పై అంచు ఎస్‌ఏ1లో 50 మార్కుల దగ్గర ఉంది. ఈమె 46, అంటే పై అంచుకు నాలుగు మార్కుల దూరంలో ఉంది. గీత పడిపోయింది, బిడ్డ మాత్రం ముందుకు జరిగింది. ఈ అమ్మాయిని ఇంట్లో తిడితే ఆమెకు అర్థమయ్యేది ఒకటే, కష్టపడినా తిట్లే వస్తాయని.

ఇప్పుడు ఒక అబ్బాయి. అతనికి కూడా ఎఫ్‌ఏ1లో 17, ఎఫ్‌ఏ2లో 16. సెప్టెంబరు దాకా ఇద్దరి చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎవరిది ఏదో చెప్పలేం. ఎస్‌ఏ1లో అతనికి వచ్చింది 80కి 26. నూటికి 32.5. పట్టీ కింది అంచు 28 మార్కుల దగ్గర ఉంది, ఇతను దానికి కూడా కింద ఉన్నాడు. అంటే తరగతిలో చివరి పది మందిలోకి జారాడు. ఈ పతనం నిజమైనది.

రెండు నెలల పాటు ఒక్కలా కనిపించిన ఇద్దరు అక్టోబరులో ఒక్కసారిగా ఎలా విడిపోయారు? విడిపోవడం అప్పుడు మొదలు కాలేదు. గీత కింద ఉన్న చిన్న పట్టిక చూడండి. అందులో ఎఫ్‌ఏ మార్కులను నాలుగు ముక్కలుగా విడదీసి ఇచ్చాను. అమ్మాయికి ఎఫ్‌ఏ1లో పాల్గొన్నందుకు 4, రాతపనికి 4, ప్రాజెక్టుకు 4, స్లిప్ టెస్టుకు 5. ఎఫ్‌ఏ2లో నాలుగు వరసల్లోనూ 4. అబ్బాయికి మొదటి మూడు వరసల్లో రెండుసార్లూ 5 చొప్పున, స్లిప్ టెస్టులో మాత్రం ఎఫ్‌ఏ1లో 2, ఎఫ్‌ఏ2లో 1. అతని నోట్సు ముత్యాల్లా ఉంది, ప్రాజెక్టు బాగుంది, అడిగిందానికి చేయి ఎత్తుతాడు. ఆ 15 మార్కులు స్లిప్ టెస్టు లోటును కప్పేశాయి. ఎస్‌ఏలో కప్పడానికి ఏమీ లేదు కాబట్టి అది బయటపడింది.

ఇది పిల్లవాడు మోసం చేయడం కాదు. చాలా మంది పిల్లలు బోర్డు మీద ఉన్న లెక్కను తప్పు లేకుండా, అందంగా దించుకుంటారు. దించుకున్న లెక్క తనకు వచ్చినట్టే అనిపిస్తుంది వాళ్లకు. పుస్తకం మూసి అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే చేయలేరు. ఇంట్లో నోట్సు తిరగేసి చూసే తల్లిదండ్రులకు కూడా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే చిన్న పట్టికలో స్లిప్ టెస్టు వరసను ఎర్ర పెన్నుతో గీశాను. కార్డు రాగానే మొత్తం మార్కుల కన్నా ముందు ఆ వరస చూడమని నా మనవి.

ఆ వరసను కూడా ఒక జాగ్రత్తతో చదవాలి. స్లిప్ టెస్టు అయిదు మార్కులకే. అందులో ఒక్క మార్కు తగ్గితే నూటికి 20 తగ్గినట్టు. ఎఫ్‌ఏ మొత్తంలో ఒక్క మార్కు నూటికి 5. ఎస్‌ఏలో ఒక్క మార్కు 1.25 మాత్రమే. ఒక గుణకారం తప్పు, ఒక గుర్తు మరచిపోవడం వల్ల ఎస్‌ఏ గీత మీద చుక్క కదిలినట్టు కూడా తెలియదు, ఎఫ్‌ఏలో అదే తప్పు అర సెంటీమీటరు దించుతుంది. వడ్లు తూచే కాంటా మీద తులం బంగారం తూచి, ముల్లు కదిలింది కాబట్టి తరుగు పోయిందని గొడవ పడం కదా. ఎఫ్‌ఏ1లో 17 వచ్చి ఎఫ్‌ఏ2లో 16 వస్తే దాన్ని తగ్గడం అనే అనకూడదు. రెండు ఎఫ్‌ఏల మధ్య రెండు మార్కుల దాకా, రెండు ఎస్‌ఏల మధ్య ఆరు మార్కుల దాకా తేడాను నేను పట్టించుకోను. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం కాదు, తరగతి గదిలో నేను పాటించే లెక్క. ఒక స్లిప్ టెస్టులో 2 వస్తే ఊరుకుంటాను. వరసగా రెండింటిలో తక్కువ వచ్చి, ఎస్‌ఏ కూడా అదే చెబితే అప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటాను. పై అబ్బాయి విషయంలో మూడూ కలిశాయి.

మార్కు అంత కచ్చితమైనదేం కాదన్న మాట తల్లిదండ్రులకు నచ్చదని తెలుసు. సైన్సులోనో తెలుగులోనో అయితే కావొచ్చు, లెక్కల్లో తప్పు తప్పే, ఒప్పు ఒప్పే కదా అంటారు. 1912, 1913 ప్రాంతంలో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఒకే జ్యామితి జవాబుపత్రాన్ని నకళ్లు తీసి వంద మందికి పైగా టీచర్లకు పంపి నూటికి మార్కులు వేయమన్నారు. ఒకరు 30 కన్నా తక్కువ వేస్తే, ఇంకొకరు 90 దాటించారు. రాసింది ఒకే విద్యార్థి, దిద్దింది వేరు వేరు చేతులు. ఇప్పుడు మాకు ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాసిన సూచనలు ఉంటాయి కాబట్టి అంత తేడా రాకపోవచ్చు. అయినా అర మార్కులు, ఒక మార్కులు దిద్దే చేతిని బట్టి మారతాయి. ఆ రోజు బిడ్డకు జ్వరం ఉండొచ్చు, తెలిసిన ప్రశ్నే రావొచ్చు. చుక్క చుట్టూ పెన్సిలుతో ఒక చిన్న గుండ్రం గీసుకోండి. నిజమైన మార్కు ఆ గుండ్రంలో ఎక్కడో ఉందనుకోండి.

దీనివల్ల ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. అదృష్టం కలిసిరాక ఒక పరీక్షలో బాగా తగ్గిన బిడ్డకు తర్వాతి పరీక్షలో, మనం ఏమీ చేయకపోయినా, మార్కులు కొంత పెరగడమే ఎక్కువసార్లు జరుగుతుంది. బాగా కలిసొచ్చి 20కి 20 తెచ్చుకున్న బిడ్డ తర్వాతి పరీక్షలో కొంత తగ్గడమే ఎక్కువ. ఆ పైన పోవడానికి 21 మార్కు లేదు కూడా. ఇప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. తగ్గిన బిడ్డను తిడతాం, తర్వాత పెరుగుతుంది. పెరిగిన బిడ్డను మెచ్చుకుంటాం, తర్వాత తగ్గుతుంది. తిడితేనే చదువుతారు, పొగిడితే చెడిపోతారు అన్న నమ్మకం అలా గట్టిపడుతుంది. నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతుంటే, ఒక శిక్షకుడు లేచి ఇదే వాదన చేశాడట. బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే మర్నాడు పాడుచేస్తాడు, చెడగొట్టినవాణ్ని కేకలేస్తే మర్నాడు బాగు చేస్తాడని. మెచ్చుకోలూ కేకలూ లేకపోయినా అలాగే జరిగేదని కానమన్ అక్కడే చూపించాడు. మీ బిడ్డ గీత మీద ఒక్క లోయ తర్వాత ఒక్క గుట్ట కనిపిస్తే, మధ్యలో మీరు వేసిన దెబ్బకు ఆ గుట్ట లేచిందని మాత్రం అనుకోవద్దు.

అడుగున ఉన్న హాజరు పట్టీ చిన్నదే అయినా, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. జూన్ 12 నుంచి నెల నెలకు బడి జరిగిన రోజులు ఎన్ని, మీ బిడ్డ వచ్చినవి ఎన్ని అని గళ్లు నింపాం. నమూనాలోని అబ్బాయి పట్టీలో జూలై గళ్లు తొమ్మిది ఖాళీగా ఉన్నాయి అనుకుందాం. నాట్ల కాలం. ఇంట్లో ఎవరూ లేక చిన్న తమ్ముణ్ని చూసుకోవడానికి ఆగిపోయాడు. ఆ తొమ్మిది రోజుల్లో తరగతిలో నడిచింది ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు. ఒక అక్షరం ఉన్న సమీకరణంలో పదాన్ని ఇటు నుంచి అటు తీసుకుపోతే గుర్తు ఎందుకు మారుతుందో ఆ పాఠంలోనే చెబుతాం. అది తప్పిపోయిన పిల్లవాడికి తర్వాత వచ్చే వడ్డీ లెక్కల్లో, లాభనష్టాల్లో ఎక్కడ తెలియని రాశిని కనుక్కోమన్నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఎస్‌ఏ1 పేపరు తీసి చూస్తే అతను వదిలేసిన ప్రశ్నలు వేరు వేరు పాఠాలవిలా కనిపిస్తాయి, తీగ లాగితే అన్నీ ఒకే చోటికి వస్తాయి.

ఇలాంటి బిడ్డకు నెలకు ఇంత అని పెట్టి అన్ని సబ్జెక్టులకూ ట్యూషన్ మాట్లాడడం దండగ. తప్పిపోయిన పాఠం ఒక్కటి మళ్లీ చెప్పించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఏ పాఠమో మీరు కనుక్కోలేకపోతే హాజరు పట్టీ, జవాబుపత్రం రెండూ తెచ్చి నన్ను అడగండి. సాయంత్రం బడి అయ్యాక అరగంట కూర్చోవడానికి నాకు ఇబ్బంది లేదు.

చార్టు రెండో వైపు ఎస్‌ఏ1 మార్కులను ఇంకోలా విడదీసిన అయిదు నిలువు పట్టీలు ఉన్నాయి. గణితంలో విద్యా ప్రమాణాలు అని అయిదు ఉంటాయి, ప్రశ్నపత్రంలో ఒక్కోదానికి ఇన్ని మార్కులని కేటాయిస్తారు. సమస్యా సాధనకు 80లో 32, కారణాలు చెప్పి నిరూపించడానికి 16, గణిత భాషలో వ్యక్తపరచడానికి 8, ఒక పాఠాన్ని ఇంకోదానితో, నిత్యజీవితంతో కలపడానికి 12, బొమ్మలుగా గ్రాఫులుగా చూపడానికి 12. నమూనాలోని అమ్మాయికి ఇవి వరసగా 18, 8, 6, 7, 7. కలిపితే 46. చార్టులో అన్నిటికన్నా పొడవుగా నిలబడేది వ్యక్తపరచడం పట్టీ, ఎనిమిదికి ఆరు కాబట్టి నూటికి 75. తల్లిదండ్రుల కళ్లు ముందు దాని మీదే పడతాయి. కాని ఆ పట్టీలో ఒక్క మార్కు 12.5 ఎత్తు ఉంటుంది, ఒక చిన్న ప్రశ్నతో అది లేస్తుంది, పడుతుంది. మార్కులు ఎక్కువగా పోయింది సమస్యా సాధనలో, 14. పట్టీ ఎత్తు చూడకుండా అడుగున రాసిన అంకెలు చూడండి.

సబ్జెక్టుల మధ్య పోలిక గురించి కూడా ఒక మాట. తెలుగులో 72, గణితంలో 57 వస్తే బిడ్డ గణితంలో బలహీనం అని తేల్చేయకండి. తెలుగులో తరగతి నడిమి మార్కు 75 అయి, గణితంలో 47 అయితే అసలు సంగతి తలకిందులుగా ఉంటుంది. ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు నల్ల గీతే కొలబద్ద.

ర్యాంకు ఎందుకు వేయలేదని కిందటిసారి కొందరు అడిగారు. ఎఫ్‌ఏలో 16 మార్కుల దగ్గర ఎనిమిది తొమ్మిది మంది పిల్లలు ఉంటారు. ఒక్క మార్కు తగ్గితే ర్యాంకు ఏడెనిమిది మెట్లు పడిపోవచ్చు, ఒక్క మార్కు పెరిగితే అలాగే ఎక్కొచ్చు. అంత ఊగిసలాడే అంకెను ఇంటికి పంపి బిడ్డను దాని ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అడిగితే ఇకముందు కూడా ఇవ్వను.

మీలో కొందరి పెద్ద పిల్లలు పట్నంలో చదువుతున్నారు, వాళ్ల బడుల నుంచి ఫోన్లకు రంగురంగుల చార్టులు వస్తుంటాయి. వాటిని చూసేటప్పుడు ఎడమవైపు అంకెలు ఎక్కడ మొదలయ్యాయో ముందు చూడండి. మన చార్టు సున్నా నుంచి 100 దాకా ఉంది, ఎత్తు పది సెంటీమీటర్లు. 85 నుంచి 80కి తగ్గితే అర సెంటీమీటరే దిగుతుంది. అదే ఎత్తులో అంకెలు 75 దగ్గర మొదలుపెట్టి 90 దగ్గర ఆపితే, అదే అయిదు మార్కుల తగ్గుదల మూడు సెంటీమీటర్లు దాటుతుంది, కొండ మీది నుంచి దూకినట్టు ఉంటుంది. పెరిగినప్పుడు అదే పద్ధతిలో బడి గొప్పగా కనిపిస్తుంది కూడా. మన చార్టునే ఫోనులో ఫొటో తీసి బంధువులకు పంపేటప్పుడు కింది భాగం కత్తిరించకండి. అడుగు కనిపించని గీత అబద్ధం చెబుతుంది.

ఈ చార్టు చెప్పలేనివి చాలా ఉన్నాయి. నల్ల గీత మన 41 మందిది మాత్రమే, పక్క ఊరి బడితో పోల్చడానికి పనికిరాదు. తరగతి మొత్తానికి నేను ఒక పాఠం సరిగ్గా చెప్పకపోతే నల్ల గీత కూడా కిందికే ఉంటుంది, మీ బిడ్డ దానికి పైన ఉన్నా ఆ పాఠం రానట్టే. ఎస్‌ఏ1లో నడిమి మార్కు 80కి 38 అంటే సగం మందికి సగం మార్కులు కూడా రాలేదని. అది పిల్లలు ఒక్కరే జవాబు చెప్పాల్సింది కాదు, నేనూ చెప్పాలి. ఎఫ్‌ఏ3కి ముందు రేఖీయ సమీకరణాలు, అనుపాతం రెండూ తరగతికంతా మళ్లీ చెబుతున్నాను.

ఇప్పుడు మిమ్మల్ని అడగాల్సినవి. ఈ నెల మూడో శనివారం జరిగే సమావేశానికి కార్డు, చార్టు, ఎస్‌ఏ1 జవాబుపత్రం మూడూ పట్టుకుని రండి. బిడ్డను కూడా వెంట తీసుకురండి, తన గీత గురించి తనే చెప్పనివ్వండి. పత్తి ఏరే రోజులు నడుస్తున్నాయి, చేతులు చాలవని నాకు తెలుసు. అయినా ఎఫ్‌ఏ3 దాకా బిడ్డను పనికి ఆపకండి. ఆగక తప్పని రోజు ఉంటే ముందే కబురు చేయండి, ఆ రోజు పాఠం ఎవరి దగ్గర రాసుకోవాలో చెబుతాను.

కార్డు మీద సంతకమో వేలిముద్రో వేసి తిరిగి పంపండి. చార్టు కాగితం మాత్రం చింపకుండా, మడత పడకుండా దాచండి. ఎఫ్‌ఏ3 చుక్కను అదే కాగితం మీద పెడతాం.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల సారు